మురుగు ఎక్కడ ఆగిందో ఉత్తరం చెప్పాలి

(కోస్తా పట్టణం ఒకదానిలో కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో, మున్సిపల్ కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉద్యోగి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి జంపఖానా మీద కూర్చోండి. క్లుప్తంగా ముగిస్తానని అధ్యక్షుల వారికి మాట ఇచ్చాను గానీ, నా సంగతి మీకు తెలుసు.

నేను మున్సిపల్ ఆఫీసులో మొదట తపాలు విభాగంలోనూ, తర్వాత ప్రజారోగ్య విభాగంలోనూ పనిచేశాను. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితం ముందు తపాలు బల్ల మీదికే వస్తుంది. కాలువ పూడిందని వచ్చే అర్జీలు ఎన్ని చదివానో లెక్క లేదు. వాటిలో చాలావాటికి పని జరగకపోవడానికి సిబ్బంది బద్ధకం ఒక కారణమే. కాదనను. కానీ ఆ అర్జీ చేతిలో పెట్టుకుని వెళ్లినవాడికి పార ఎక్కడ వేయాలో తెలియకపోవడం ఇంకో కారణం. ఈ రెండోదాన్ని మనం ఇంట్లో కూర్చుని సరిచేయవచ్చు. అందుకే మన వీధి టీచరు గారు రాసిన ఉత్తరాన్ని, ఆవిడ అనుమతితోనే, మీ ముందు విప్పుతున్నాను. మొదట ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. మా వీధిలో రామాలయం దగ్గర మురుగు కాలువ చాలా కాలంగా పూడిపోయి ఉన్నది. మురుగు నీరు రోడ్డు మీదికి వచ్చి దుర్వాసనతో, దోమలతో నానా అవస్థలు పడుతున్నాము. ఈ విషయమై పలుమార్లు ఫిర్యాదు చేసినా ఎవరూ పట్టించుకోవడం లేదు. కావున తమరు దయతో వెంటనే తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన. ఇట్లు, వీధి వాసులు."

ఒక్క అక్షర దోషం లేదు. టీచరు గారు కదా. (నవ్వులు) బాధ ఉంది, మర్యాద ఉంది. అయితే ఈ కాగితం ఆఫీసులో ఎలా నడుస్తుందో చూడండి. తపాలులో ముద్ర పడుతుంది, ఇన్‌వర్డ్ నంబరు వేస్తారు. కమిషనర్ గారు మూలన ఒక గీత గీసి ప్రజారోగ్య విభాగానికి పంపుతారు. అక్కడి నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆయన నుంచి మేస్త్రీ. మేస్త్రీ తెల్లవారుజామున హాజరు వేసేటప్పుడు ఇద్దరు కార్మికులను పిలిచి, "రామాలయం దగ్గర కాలువ అంట, చూసి రండి" అంటాడు. అంతే. టీచరు గారు ఒక పేజీ రాశారు, కార్మికుడి చెవిన పడింది మూడు మాటలు. ఆ మూడు మాటలు సరైనవేనా అన్నదే నా మొదటి ప్రశ్న.

మన వార్డులో రామాలయాలు రెండు. ఒకటి పాత బస్టాండు వెనుక, ఇంకొకటి చేపల మార్కెట్టు వైపు. ఈ ఉత్తరాన్ని మా మేనల్లుడి చేతికిచ్చి, "ఒరేయ్, ఇందులో చెప్పిన చోటు చూసి రా" అని పంపాను. వాడిది వేరే పేట. అరగంటకు తిరిగి వచ్చి, "మామయ్యా, కాలువ బాగానే ఉందే" అన్నాడు. చేపల మార్కెట్టు రామాలయం చూసి వచ్చాడు. ఉత్తరం రాసినవాళ్లకు తమ వీధి అంటే ఒక్కటే వీధి, చదివేవాళ్లకు ఊరంతా వీధులే. కాబట్టి ఉత్తరం సరిచూసేవాడు రాసినవాడై ఉండకూడదు. వేరే పేట మనిషిని పట్టుకుని, నోటితో ఏమీ చెప్పకుండా, కాగితం మాత్రమే ఇచ్చి పంపండి. అతను తిన్నగా వెళ్లి అదే చోట నిలబడితే చోటు సరిగ్గా రాసినట్టు.

అయితే ఏ రామాలయమో తేలినంత మాత్రాన చోటు తేలినట్టు కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చెబుతాను.

నీళ్లు రోడ్డెక్కిన చోటు వేరు, కాలువ మూసుకుపోయిన చోటు వేరు. మనం ఉత్తరంలో ఎప్పుడూ మొదటిది రాస్తాం, ఎందుకంటే మన గుమ్మం ముందు కనిపించేది అదే. అడ్డం పడింది మాత్రం పల్లంలో, కొన్నిసార్లు పది ఇళ్ల అవతల ఉంటుంది. అక్కడ నీరు ఆగి, వెనక్కి నిండుకుంటూ వచ్చి, గట్టు ఎక్కడ తక్కువగా ఉంటే అక్కడ పొర్లుతుంది. మార్చిలో కార్మికులు వచ్చారు, గుడి ముందు కాలువలో పూడిక తీశారు, గట్టున పోసి వెళ్లారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకు చెప్పిన చోటు అదే. పన్నెండు రోజులకు మళ్లీ నీరు రోడ్డెక్కింది. మనం ఏమన్నాం? తూతూమంత్రంగా చేశారన్నాం.

నిన్న పొద్దున్న ఆరు గంటలకు టీచరు గారు, నేను కాలువ వెంట నడిచాం. ఆరు గంటలకే ఎందుకంటే, అప్పుడు అన్ని ఇళ్లలో స్నానాలు, గిన్నెలు కడగడాలు ఉంటాయి, కాలువలో నీరు బాగా వస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళితే ఎగువకూ దిగువకూ తేడా తెలియదు. ముందు ప్రవాహం ఎటో చూడాలి. నీరు నిలిచిపోయినట్టే కనిపించింది. ఒక ఎండుటాకు వేసి రెండు నిమిషాలు చూస్తే మెల్లగా తూర్పుకు కదిలింది. అంటే మేం తూర్పుకు నడవాలి. గుడి గుమ్మం దగ్గర కాలువ అంచుల దాకా నిండి ఉంది. ఇరవై అడుగులు వేశాం, నిండుగానే ఉంది. నలభై వేశాం, అంతే. అరవై అడుగులు వేసేసరికి రెండో అడ్డరోడ్డు వచ్చింది. దాని కింద కల్వర్టు ఉంది. రోడ్డు దాటి అవతలి మూతి దగ్గర చూస్తే నాలుగు వేళ్ల నీరు, అడుగున సిమెంటు కనిపిస్తోంది. ఇటు నిండుకుండ, అటు ఎండు కాలువ. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అడ్డం ఆ కల్వర్టులోనే ఉంది.

నేను వంగి టార్చి వేశాను. వంగడానికి పట్టిన సమయం సంగతి అడగకండి. (నవ్వులు) లోపల, గుడి వైపు మూతికి మూరెడు దూరంలో, కాలువకు అడ్డంగా రెండు సన్నటి మంచినీటి పైపులు వెళుతున్నాయి. ఎదురింటి వరుసకు కొళాయి కనెక్షన్లు ఇచ్చినప్పుడు రోడ్డు తవ్వడం ఎందుకని కల్వర్టులోంచి లాగేశారు. ఆ పైపులకు పాలిథిన్ సంచులు, కొబ్బరి పీచు, ఒక పాత గోనెసంచి చుట్టుకుని ఉన్నాయి. వాటి వెనుక మట్టి చేరింది. పూడిక ఎన్నిసార్లు తీసినా ఆ పైపులు ఉన్నంతకాలం వారం పది రోజుల్లో మళ్లీ చెత్త పడుతుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, టీచరు గారి ఉత్తరంలో రానిది. మనకు మంచినీళ్లు రోజుకు గంటసేపు వస్తాయి. మిగతా సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు పైపుకు ఎక్కడైనా చిల్లు గానీ, వదులైన జాయింటు గానీ ఉంటే చుట్టూ ఉన్న మురుగు లోపలికి పోతుంది. దోమలు, దుర్వాసన అని ప్రతి అర్జీలోనూ ఉంటుంది, చదివేవారి కన్ను వాటి మీద ఆగదు. "తాగునీటి పైపులు మురుగులో మునిగి ఉన్నాయి" అన్న వాక్యం దగ్గర ఆగుతుంది. నిజం కాబట్టి రాయండి, భయపెట్టడానికి కాదు.

ఇప్పుడు చోటు ఇలా రాశాం. "14వ వార్డు, పాత బస్టాండు వెనుక ఉన్న రామాలయం వీధి. గుడి ముఖద్వారం నుంచి తూర్పుగా సుమారు 45 మీటర్ల దూరంలో, రెండో అడ్డరోడ్డు కింద ఉన్న కల్వర్టు, పడమటి మూతి. వీధికి దక్షిణం వైపు కాలువ." దాని కింద మూలనున్న కరెంటు స్తంభం మీద రంగుతో రాసిన సంఖ్య, ఎదురింటి సంఖ్య వేశాం. ఇంటి సంఖ్య పాతదీ కొత్తదీ రెండూ వేయాలి. పన్ను రసీదులో ఒకటి, గోడ మీద ఇంకొకటి ఉండే ఇళ్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు. ఆ వాక్యంలో దిక్కు ఉంది, దూరం ఉంది, వీధికి ఏ పక్కనో ఉంది. "ఏ పక్క" అన్నది చాలామంది మరిచిపోతారు, రెండు పక్కలా కాలువలున్న వీధిలో కూడా.

కుర్రవాళ్లు ఫోనులో మ్యాపు సంఖ్యలు పెట్టమన్నారు. పెట్టండి, మంచిదే. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలే ఉంటే పది పదకొండు మీటర్ల వరకు తేడా రావచ్చు, ఐదు ఉంటే మీటరు దగ్గరకు వస్తుంది. అయితే ఫోను తన స్థానాన్నే కొన్ని మీటర్లు అటూ ఇటూగా చెబుతుంది కాబట్టి, కల్వర్టుకు ఏ మూతో ఆ అంకెలు చెప్పలేవు. అవి మాటలకు తోడు మాత్రమే. ఫొటోలు రెండు చాలు. ఒకటి కల్వర్టు మూతి దగ్గరగా, రెండోది కరెంటు స్తంభం, అడ్డరోడ్డు కనిపించేలా దూరం నుంచి. దగ్గరి ఫొటో ఒక్కటే పంపితే ఏ ఊరి మురుగైనా ఒకలాగే ఉంటుంది.

చోటు తేలితే ఎవరికి రాయాలో కూడా దానంతట అదే తేలుతుంది. పూడిక, చెత్త తీయడం ప్రజారోగ్య విభాగం పని. పైపులు మార్చడం, కల్వర్టు బాగుచేయడం ఇంజనీరింగ్ విభాగం పని. కాలువ మీద ఎవరైనా అరుగు కట్టి ఉంటే అది పట్టణ ప్రణాళిక విభాగం దగ్గరికి వెళుతుంది. మన రాష్ట్రంలో వార్డు సచివాలయంలో కూడా పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి వేరు, వసతులు చూసే కార్యదర్శి వేరు. హైదరాబాదులో మా అన్నయ్యకు ఇంకో తంటా వచ్చింది. అక్కడ ఇళ్ల మురుగునీటి లైను జలమండలిది, రోడ్డు పక్క వాననీటి కాలువ నగరపాలక సంస్థది. ఆయన మ్యాన్‌హోలు పొంగుతోందని నగరపాలక సంస్థకు రెండు వారాలు ఫోన్లు చేశాడు. మనకు ఆ గొడవ లేదు గానీ, ఒకే ఉత్తరంలో రెండు విభాగాల పని కలిపి అడిగితే అది మొదటి విభాగంలోనే ఆగిపోతుంది. పూడిక తీసి, "పని పూర్తయింది" అని రాసేస్తారు. అందుకని పనులను "అ", "ఆ" అని విడదీసి, ఒక్కోదాని పక్కన విభాగం పేరు వేశాం.

ఇక పాత ఫిర్యాదుల సంగతి. "పలుమార్లు ఫిర్యాదు చేసినా ఎవరూ పట్టించుకోవడం లేదు." ఈ వాక్యం చదివినప్పుడల్లా నా సీటులో నేను అనుకునేవాడిని, ఎన్నిసార్లు, ఎవరికి, ఏ రోజున అని. ఫైలులో అది ఎందుకూ పనికిరాదు. పైగా మన విషయంలో అది నిజం కూడా కాదు. మార్చిలో వాళ్లు వచ్చారు కదా!

టీచరు గారి దగ్గర ఫోనులో సందేశాలు ఉన్నాయి, డైరీ ఉంది. కూర్చుని తీస్తే ఇలా వచ్చింది. ఫిబ్రవరి 3న వార్డు సచివాలయంలో నోటితో చెప్పాం, రసీదు లేదు. మార్చి 10న అక్కడే రాతపూర్వకంగా ఇచ్చాం, ఫిర్యాదు సంఖ్య ఉంది. మార్చి 14న కార్మికులు వచ్చి గుడి ముందు పూడిక తీశారు. మార్చి 26న మళ్లీ నీరు పొంగింది. ఏప్రిల్ 21న ఆన్‌లైనులో రెండో ఫిర్యాదు. ఏప్రిల్ 25న "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది, కానీ ఆ మధ్యలో ఎవరూ రాలేదు. ఆ సందేశాన్ని ఫోను తెర నుంచి ముద్రించి జతచేశాం.

మార్చి 14న వచ్చారని రాయడానికి మన సంఘంలో కొందరు ఒప్పుకోలేదు. "వాళ్లను మెచ్చుకున్నట్టు ఉంటుంది, తీసేయండి" అన్నారు. తీసేస్తే మనమే నష్టపోతాం. మొదటిది, వాళ్ల దగ్గర మేస్త్రీ సంతకంతో రికార్డు ఉంటుంది, మనం రాలేదంటే మన మాట ఒక్కటి అబద్ధమని తేలి మిగతావీ పోతాయి. రెండోది ఇంకా ముఖ్యం. పూడిక తీసిన పన్నెండు రోజులకే మళ్లీ మూసుకుంది అన్నదే మన అసలు ఆధారం. ఇది పారతో తీరే సమస్య కాదు, లోపల ఏదో అడ్డం ఉంది అని ఆ రెండు తేదీలు చెబుతాయి. ఏప్రిల్ సంగతి వేరు. అక్కడ పని చేయకుండానే ముగించేశారు. పని చేసినా నిలవకపోవడం, అసలు పనే చేయకపోవడం అన్నవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. మొదటిదానికి ఇంజనీరు రావాలి, రెండోదానికి సంజాయిషీ రావాలి. "పట్టించుకోవడం లేదు" అన్న మాటలో రెండూ కలిసిపోయి ఏదీ రాకుండా పోతుంది.

నోటితో చెప్పిన ఫిబ్రవరి ఫిర్యాదును కూడా రాశాం, రసీదు లేదని ఒప్పుకుంటూనే. కానీ లెక్క మొదలయ్యేది మార్చి 10 నుంచే. సంఖ్య ఉన్న ఫిర్యాదును మాత్రమే అధికారి తన రిజిస్టరులో వెతికి పట్టుకోగలరు.

చివరగా గడువు. "వెంటనే", "సత్వరమే", "త్వరితగతిన". ఈ మూడు మాటలకూ క్యాలెండరులో తేదీ లేదు. ఏ రోజు దాటితే ఆలస్యమైనట్టో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. తేదీ రాయండి. కానీ ఏ తేదీ? మన ఉత్తరం మే 13న ఇస్తున్నాం. ఒకరు మూడు రోజులన్నారు, ఒకరు నెల అన్నారు. పనిని బట్టి ఉంటుంది. కల్వర్టు మూతిలో చెత్త తీయడానికి ఇద్దరు మనుషులు, కొక్కెం, ఒక పూట చాలు. దానికి మే 23 పెట్టాం. పది రోజులంటే కాగితం తపాలు నుంచి మేస్త్రీ దాకా రావడానికి కూడా సరిపోతుంది, మధ్యలో ఆదివారం వచ్చినా ఇబ్బంది లేదు. పైపులు మార్చడానికి మాత్రం ఇంజనీరు చూడాలి, అంచనా వేయాలి, మంజూరు కావాలి. అదీ పది రోజుల్లో చేయమంటే వాళ్లు ఉత్తరం మొత్తాన్నీ తేలిగ్గా తీసుకుంటారు. అందుకని అక్కడ పని అడగలేదు, జవాబు అడిగాం. ఎప్పుడు పరిశీలిస్తారో, అంచనా ఎప్పటికి తయారవుతుందో జూన్ 12లోగా లిఖితపూర్వకంగా తెలపమన్నాం. గడువుకు కారణం కూడా ఒక్క ముక్కలో రాశాం. జూన్‌లో వానలు మొదలైతే ఈ కల్వర్టు గుండా వీధి మొత్తం నీరు పోవాలి. మున్సిపల్ ఆఫీసులో పౌర సేవా పత్రం బోర్డు ఉంటే, అందులో కాలువ పనికి ఎన్ని రోజులు రాశారో చూసి అదే ఉదహరించండి. వాళ్లు పెట్టుకున్న గడువుకు వాళ్లు ఎదురు చెప్పలేరు.

(సభలో ఒకరు: "తేదీ పెడితే ఆజ్ఞ వేసినట్టు ఉండదా? అధికారికి కోపం రాదా అండీ?")

మంచి ప్రశ్న. వాక్యాన్ని బట్టి ఉంటుందండీ. "23లోగా చేయకపోతే ధర్నా చేస్తాం" అంటే కోపం వస్తుంది, రావాలి కూడా. మేము ఇలా రాశాం: "మే 23లోగా పూడిక తీయించగలరని కోరుతున్నాము. ఆ తేదీకి పని కాకపోతే మే 26 సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అర్జీ నకలుతో విన్నవించుకుంటాము." ఇందులో బెదిరింపు లేదు, మన తర్వాతి అడుగు మాత్రమే ఉంది. కానీ ఆ 26న నిజంగా వెళ్లాలి. వెళ్లకపోతే ఈసారి పెట్టిన తేదీకే కాదు, వచ్చేసారి పెట్టే తేదీకి కూడా విలువ ఉండదు.

(మరొకరు: "జవాబే రాకపోతే?")

అప్పుడు సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో ఒక కాగితం. ఎందుకు చేయలేదని అడగకండి. అది వాళ్ల దగ్గర ఉన్న కాగితం కాదు కాబట్టి, సమాచారం లేదని రాసి పంపేస్తారు. "ఫలానా ఇన్‌వర్డ్ నంబరు గల అర్జీపై రోజువారీగా తీసుకున్న చర్య, ఫైలులోని నోట్ల నకళ్లు" అని అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. అందుకే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర వేసిన నకలు మన దగ్గర ఉండాలి. తపాలు బల్ల దగ్గర రెండు ప్రతులు ఇచ్చి, ఒకదాని మీద ముద్ర వేయించుకునేదాకా కదలకండి. నేను ఆ బల్ల వెనుక కూర్చున్నవాణ్ణే. "నకలు ఎందుకమ్మా, నంబరు గుర్తుంటుంది" అని నేనూ చెప్పాను కొందరికి. నమ్మకండి.

ఇంకొక్క మాట, ఇది ఉత్తరంలో నేను కొట్టేసిన మాట. రెండో చిత్తులో ఎవరో "మనిషిని లోపలికి దింపి శుభ్రం చేయించగలరు" అని చేర్చారు. మన కల్వర్టు చిన్నది, కొక్కెంతో బయటి నుంచే తీయవచ్చు. కానీ భూగర్భ డ్రైనేజీ ఉన్న వీధులవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. రక్షణ లేకుండా మురుగు గుంటల్లోకి మనుషులను దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అర్జీలో అలాంటి మాట రాయకండి, యంత్రం పంపమని రాయండి.

ఉత్తరం చివర "వీధి వాసులు" అని ఉంది కదా, అదీ మార్చాం. వీధి వాసులకు ఎవరూ ఫోను చేయలేరు. కార్మికులు వచ్చిన రోజున చోటు చూపించడానికి టీచరు గారి పేరు, ఇంటి సంఖ్య, ఫోను నంబరు వేశాం. ఆవిడ బడికి వెళ్లే సమయంలో ఎదురింటి కిరాణా కొట్టు ఆయన చూపిస్తానన్నారు, ఆయనదీ వేశాం.

మొత్తం ఒకటిన్నర పేజీ అయింది. నిన్న సాయంత్రం మా మేనల్లుడికి మళ్లీ ఇచ్చి పంపాను. ఈసారి తిన్నగా కల్వర్టు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచే ఫోను చేసి, "మామయ్యా, పడమర ఎటు?" అన్నాడు. (నవ్వులు) అందుకని "పడమటి మూతి" పక్కన "గుడి వైపు ఉన్నది" అని చేర్చాను.

ప్రతులు రెండూ ఈ బల్ల మీద ఉన్నాయి. సంతకం పెట్టేవాళ్లు పేరు కింద ఇంటి సంఖ్య తప్పకుండా వేయండి. రేపు పదిన్నరకు తపాలు బల్ల తెరుస్తారు, టీచరు గారితో ఇంకో ఇద్దరు రావాలి. ఎవరు వస్తున్నారు?